రివర్సులో తగిలిన దెబ్బ: క్లెయిమ్ వేయాలా, జేబులోంచి పెట్టుకోవాలా?

ప్రశ్న: సార్, మాది నల్గొండ, రామగిరి. మొన్న ఆదివారం మా గేటులోంచి కారు రివర్సులో గల్లీలోకి తీస్తుంటే కుడివైపు నుంచి బైకు వచ్చి వెనక మూలకు తగిలింది. మా బావమరిది వెనక నిలబడి "రానీ, రానీ" అంటూనే ఉన్నాడు. బైకు అబ్బాయికి మణికట్టు విరిగి కట్టు కట్టారు. 45,000 ఇచ్చి, తప్పు నాదేనని కాగితం రాసిస్తే కేసు ఉండదని పెద్దమనుషులు అంటున్నారు. నా కారుకు షెడ్డులో 28,000 చెప్పారు. కొని నాలుగో ఏడు, ఫుల్ ఇన్సూరెన్సు ఉంది, నో క్లెయిమ్ బోనస్ 35 శాతం. క్లెయిమ్ వేస్తే బోనస్ పోతుందని భయం. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంటే మీ పాలసీ పుస్తకం చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మీరు తప్పు ఒప్పుకోకూడదు, ఇస్తానని మాటివ్వకూడదు, డబ్బు చెల్లించకూడదు. కారు పాలసీలన్నింటిలో ఉండే షరతే ఇది. పెద్దమనుషుల ముందు "తప్పు నాదే, 45,000 ఇస్తున్నాను" అని రాసిచ్చి, ఆ కాగితం పట్టుకుని కంపెనీ దగ్గరికి వెళ్తే వాళ్లు ఆ షరతు చూపిస్తారు, ఆ 45,000 మీ జేబు ఖర్చుగానే మిగిలిపోతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. విరిగిన మణికట్టు ఎలా అతుక్కుంటుందో ఈ వారం ఎవరికీ తెలియదు. మూడు నెలల తర్వాత ఆపరేషన్ చేయాలంటే ఆ అబ్బాయి మళ్లీ మీ గేటు దగ్గరికే వస్తాడు, అప్పుడు చేతిలో మీరు రాసిచ్చిన కాగితమే ఉంటుంది. కేసు సంగతి కూడా వాళ్లు చెప్పినంత సులువు కాదు. నిర్లక్ష్యంగా బండి నడిపారని భారతీయ న్యాయ సంహిత 281 సెక్షన్ కింద ఎఫ్ఐఆర్ అయితే, మీరిద్దరూ ఊళ్లో రాజీ కాగితం రాసుకున్నంత మాత్రాన అది మూతపడదు.

తప్పు ఎవరిది అన్నదానికి వస్తే, దీన్ని మెత్తగా చెప్పడం కుదరదు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం, ఎవరికీ ప్రమాదం, ఇబ్బంది లేదని చూసుకున్నాకే బండిని వెనక్కి నడపాలి. ఇంటి ఆవరణలోంచి రోడ్డెక్కేటప్పుడు రోడ్డు మీద ఉన్న బండికే ముందు దారివ్వాలి. ఈ రెండూ మీకు వ్యతిరేకంగానే ఉన్నాయి. అందుకే రివర్సులో తగిలిన కేసుల్లో పోలీసులైనా, ఇన్సూరెన్సు కంపెనీ పంపే సర్వేయరైనా, కోర్టైనా మొదట వెనక్కి వచ్చిన బండి వైపే చూస్తారు. మీ బావమరిది "రానీ, రానీ" అన్నాడని ఆ బాధ్యత ఆయన మీదికి పోదు, స్టీరింగ్ పట్టుకున్నది మీరు. నేనూ ఒకసారి మహబూబ్‌నగర్లో ఫంక్షన్ హాల్ దగ్గర బంధువు చెయ్యి ఊపుతుంటే నమ్మి వెనక్కి పోయి కరెంటు స్తంభానికి కొట్టుకున్నాను. ఆయన చూసింది ఎడమ వైపు, స్తంభం ఉన్నది కుడి వైపు. రివర్స్ కెమెరా మీద బురద.

అయితే మొదట చూసేది మీ వైపే అంటే పూర్తిగా తప్పు మీదే అని అర్థం కాదు. బైకు రాంగ్ సైడులో వచ్చిందా, గల్లీలో విపరీతమైన వేగంతో వచ్చిందా, మీ కారు అప్పటికే ఆగి ఉందా అన్నవి తేలితే పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ తప్పును ఇద్దరికీ పంచుతుంది. అప్పుడు బైకు అబ్బాయికి వచ్చే పరిహారం అతని వంతు మేరకు తగ్గుతుంది. ఆనవాళ్లు దెబ్బల్లోనే దొరుకుతాయి. బైకు ముందు చక్రం, ఫోర్కు వంగిపోయి, మీ బంపర్ మూలకు ఒకేచోట లోతుగా నొక్కుకుపోతే, బైకే వచ్చి కొట్టిందని వాదించడానికి వీలుంటుంది. బైకు పక్కభాగం, ఫుట్ రెస్టు, సైలెన్సర్ గీసుకుపోతే మీ కారే కదిలి దానికి తగిలిందని అర్థం. ఇదొక్కటే సాక్ష్యం కాదు గానీ, సర్వేయర్లు ముందు చూసేది ఇదే. ఎదురింటివాళ్లకో, మూల మీది కిరాణా దుకాణానికో సీసీ కెమెరా ఉంటే ఈ రోజే వెళ్లి అడగండి. ఇలాంటి కెమెరాల్లో పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతూ ఉంటుంది. ఆ అబ్బాయికి లైసెన్సు లేదని ఎవరైనా మీకు ధైర్యం చెబుతుంటే దాన్ని నమ్ముకోకండి. లైసెన్సు లేకపోవడం వేరే నేరం. అంతమాత్రాన ఈ ప్రమాదంలో అతని తప్పు ఉన్నట్టు కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది.

ఇక డబ్బు. ఇక్కడ మీరు రెండు వేరు వేరు జేబులను ఒకటిగా కలిపేసుకుంటున్నారు. అబ్బాయి చికిత్స, బైకు రిపేరు థర్డ్ పార్టీ భాగంలోకి వస్తాయి. మీ కారు రిపేరు ఓన్ డ్యామేజీ భాగంలోకి వస్తుంది. నో క్లెయిమ్ బోనస్ ఓన్ డ్యామేజీ ప్రీమియం మీద మాత్రమే లెక్కకడతారు. కాబట్టి థర్డ్ పార్టీ క్లెయిమ్ నడిచినా మీ 35 శాతం ఎక్కడికీ పోదు. బోనస్ పోతుందన్న భయంతో ఆ అబ్బాయి విషయం కంపెనీకి చెప్పకుండా దాచాల్సిన పనే లేదు. ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ఆస్తి నష్టం కవరు మామూలుగా 7.5 లక్షల వరకు ఉంటుంది, మనిషికి దెబ్బ తగిలితే ఆ పరిమితి లేదు, ట్రిబ్యునల్ నిర్ణయించినంత. ఆ ఆస్తి నష్టం కవరును ఎవరైనా 6,000కు తగ్గించి కొద్దిగా ప్రీమియం మిగిల్చుకున్నారేమో మీ పాలసీలో ఒకసారి చూసుకోండి.

బోనస్ భయం ఏమన్నా ఉంటే అది మీ కారు రిపేరు దగ్గరే. దాన్ని లెక్కేద్దాం. షెడ్డువాళ్ల 28,000ను ఇలా విడదీసి చూడండి: బంపర్ 6,000, వెనక లైటు 4,000, డిక్కీ డోరు 9,000, పెయింటింగ్ 6,000, డెంటింగ్ కూలి 3,000. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, కాబట్టి బంపర్, లైటు మీద 5,000 పోతుంది. మూడు నుంచి నాలుగేళ్ల కారు రేకుకు 25 శాతం తరుగు, డోరు మీద 2,250. పెయింటింగ్ బిల్లులో పావు వంతు రంగు ఖర్చుగా తీసుకుని అందులో సగం కోస్తారు, అంటే 750. మొత్తం 8,000 పోగా 20,000. 1500 సీసీ లోపు కారయితే తప్పనిసరి మినహాయింపు 1,000 కూడా పోయి చేతికి 19,000. మిగతా 9,000 మీరే పెట్టుకోవాలి. పాలసీలో జీరో డిప్రిసియేషన్ ఉంటే తరుగు కోత ఉండదు, దాదాపు 27,000 వస్తుంది.

రెండో పళ్లెంలో బోనస్. మీ ఓన్ డ్యామేజీ ప్రీమియం బోనస్ తీయకముందు 8,000 అనుకుందాం. క్లెయిమ్ వేయకపోతే వచ్చే ఏడు 45 శాతం, తర్వాతి నుంచి 50 శాతం తగ్గింపు. వేస్తే వచ్చే ఏడు సున్నా, ఆ తర్వాత 20, 25, 35, 45 అంటూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఈ రెండింటి తేడా మొదటి ఏడు 3,600, తర్వాత వరుసగా 2,400, 2,000, 1,200, 400. ఐదేళ్లలో 9,600, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 11,300 పైచిలుకు. కారు పాతబడేకొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంకొంచెం తక్కువే. అటు 19,000, ఇటు 11,300. వేయండి. 7,000 పైన మిగులుతుంది, అది కూడా 19,000 ఇప్పుడే చేతికొచ్చి, పోయేది ఐదేళ్లలో చిన్న చిన్నగా పోతుంది.

ఇదే దెబ్బ బంపర్‌తో ఆగిపోయి ఉంటే నేను వద్దనేవాణ్ణి. 6,000 బంపర్‌కు 2,000 పెయింటింగ్ కలిపితే, తరుగు, మినహాయింపు పోను చేతికి వచ్చేది 4,000 లోపే. దానికోసం 11,000 పోగొట్టుకోవడం లెక్క తెలియక చేసే పని. మీ పాలసీలో ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉందేమో కూడా చూడండి, ఉంటే షరతుల మేరకు బోనస్ నిలబడుతుంది, అప్పుడు ఈ తూకమే అక్కర్లేదు.

తప్పు నాదైతే నా కారుకు ఎందుకిస్తారని చాలామంది అనుకుంటారు. ఓన్ డ్యామేజీ తప్పు చూసి ఇచ్చేది కాదు, మీరు రివర్సులో గోడకు గుద్దినా ఇస్తుంది. అందుకే ఒక పని మాత్రం చేయకండి: క్లెయిమ్ ఫారంలో "కారు ఆపి ఉంచాను, వచ్చి కొట్టి వెళ్లిపోయారు" అని రాయకండి. షెడ్డులోనే కొందరు అలా రాయమని సలహా ఇస్తారు. ఉన్నది చెప్పినా వచ్చే డబ్బు కోసం అబద్ధం చెప్పి క్లెయిమ్ మొత్తం పోగొట్టుకోవడం ఎందుకు? పైగా అదే ప్రమాదం మీద ఎఫ్ఐఆర్‌లో "గేటులోంచి రివర్సులో వచ్చింది" అని ఉంటే రెండు కాగితాలు ఒకదాన్నొకటి పట్టిస్తాయి. పాత గీతలను కూడా ఇందులో కలిపి రాయించకండి, ఏ దెబ్బ ఎప్పటిదో సర్వేయర్‌కు రంగు చూస్తే తెలిసిపోతుంది.

ఇక చేయాల్సిన పనులు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూసి, పోలీసులకూ ఇన్సూరెన్సు కంపెనీకీ చెప్పాల్సిన బాధ్యత మీ మీదే ఉంది. ఆదివారం జరిగినది ఇంకా చెప్పకపోతే ఈ రోజే చెప్పండి. సర్వేయర్ చూసేదాకా డోరు విప్పనివ్వకండి. ఆ రోజు మీ లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. లేకపోతే కంపెనీ అబ్బాయికి చెల్లించి తర్వాత మీ దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంది. ఆ అబ్బాయి పరిహారం కోరాలంటే ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలని చట్టం చెబుతోంది. ప్రమాదం నల్గొండలోనే జరిగింది కాబట్టి ఇక్కడి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు.

ఈలోగా అబ్బాయిని గాలికి వదిలేయమని కాదు. అతనికి డబ్బు అవసరం నిజంగానే ఉంటే ఎక్స్‌రే, మందుల బిల్లులు ఆసుపత్రికే నేరుగా కట్టండి, రసీదు మీ పేరున తీసుకోండి. అది కంపెనీ తిరిగి ఇవ్వదని ముందే అనుకోండి. సాయంగా ఇస్తున్నానని చెప్పండి గానీ, తప్పు ఒప్పుకుంటూ ఏదీ రాయకండి. బైకు రిపేరుకు అతనికి సొంత ఫుల్ పాలసీ ఉంటే దాని మీద చేయించుకోమనండి. పెద్దమనుషులకు కోపం రాకుండా చెప్పడానికి ఒక మాట: "కంపెనీ ఒప్పుకోకుండా రాసిస్తే ఆ డబ్బు కంపెనీ నాకు తిరిగి ఇవ్వదు." వాళ్లు నమ్మకపోతే పాలసీలో ఆ షరతు ఉన్న పేజీ ఫోటో తీసి చూపించండి.