ఆ 620 మందీ గెస్ట్ ఎపిసోడ్ వల్లే వచ్చారా?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను, మాది కరీంనగర్. పోటీ పరీక్షల లెక్కల మీద యూట్యూబ్ చానెల్ నడుపుతున్నాను, 6,000 మంది సబ్‌స్క్రైబర్లున్నారు. గత నెల ఒక పెద్ద కరెంట్ అఫైర్స్ చానెల్‌కు గెస్ట్‌గా వెళ్లాను. ఆ వారంలో 620 మంది కొత్తగా చేరారు. చానెళ్లు నిర్వహించే సంస్థలో ఉద్యోగానికి ఈ అంకె రెజ్యూమేలో రాయొచ్చా?

జవాబు: అలాగే రాయకండి. ఇంటర్వ్యూలో ‘గెస్ట్‌గా వెళ్లకపోతే ఎంతమంది వచ్చేవారు?’ అని అడిగితే మీ దగ్గర లెక్క ఉండాలి. ముందటి నాలుగు వారాల సగటు తీయండి. అది వారానికి 240 అనుకుంటే, అదనంగా వచ్చింది 380.

ఆ 380 కూడా అవతలి చానెల్ ప్రేక్షకులేనా అన్నది తర్వాతి ప్రశ్న. ఎవరు ఏ చానెల్ నుంచి వచ్చారో యూట్యూబ్ పేరుపేరునా చెప్పదు, ఆనవాళ్లు మాత్రమే దొరుకుతాయి. యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ సోర్సులు తెరిచి YouTube search లోకి వెళ్లండి. గెస్ట్‌ని చూసినవాళ్లు చాలామంది లింకు నొక్కరు, మీ చానెల్ పేరు టైప్ చేసి వెతుకుతారు. ఆ వారం మీ పేరుతో వెతికినవాళ్లు పెరిగారా? Suggested videos లో వాళ్ల ఎపిసోడ్ కనిపిస్తోందా? అలా కాకుండా ‘శాతాలు షార్ట్‌కట్స్’ లాంటి పాఠాల వెతుకులాటే పెరిగి ఉంటే, ఆ వారంలో ఏదైనా ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చిందేమో చూడండి. వచ్చి ఉంటే ఆ పెరుగుదలలో కొంత నోటిఫికేషన్‌దే, అది 80 మంది దాకా ఉండొచ్చనుకోండి. అప్పుడు ‘సుమారు 300 నుంచి 380’ అని రాయడం నిజాయితీ.

ఆ ఎపిసోడ్‌కు మొదటి వారంలో ఎన్ని వ్యూస్ వచ్చాయో ఆ చానెల్ వాళ్లను అడిగి తీసుకోండి. 40,000 వస్తే, 380 మంది అంటే వెయ్యి వ్యూస్‌కు తొమ్మిదిన్నర మంది. ఇంకో చిన్న చానెల్‌లో 5,000 వ్యూస్‌కే 100 మంది వస్తే అది వెయ్యికి 20. సంఖ్య తక్కువైనా మీ పాఠాలకు సరిపోయే ప్రేక్షకులు అక్కడే ఉన్నారన్నమాట. సంస్థలకు పనికొచ్చేది ఈ పోలికే, ఎందుకంటే తర్వాత ఎవరితో కలిసి చేయాలో దీన్ని బట్టి నిర్ణయిస్తారు.

చేరినవాళ్లు నిలిచారా అన్నది నెల తర్వాతే తేలుతుంది. Advanced mode లో Subscription status పెట్టి, సబ్‌స్క్రైబర్ల నుంచి వస్తున్న వ్యూస్‌ని పాత వీడియోలతో పోల్చండి. ఒక్క వీడియోతో తీర్పు చెప్పొద్దు. 6,000 మీద 380 అంటే ఆరు శాతమే, వీడియోకీ వీడియోకీ మామూలుగా ఉండే తేడా అంతకంటే ఎక్కువ. నాలుగైదు వీడియోల సగటు చూడండి. దాంతోపాటు, వదిలి వెళ్లినవాళ్ల సంఖ్య మామూలు కంటే పెరిగితే, వచ్చినవాళ్లు కరెంట్ అఫైర్స్ ఆశించి వచ్చారని అనుమానించాలి.

ఈ లెక్కను ఒక్క పేజీలో, స్టూడియో స్క్రీన్‌షాట్లతో కలిపి రెజ్యూమేకు జతచేయండి. అవతలి చానెల్ అంకెలు పెట్టే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి.