తిరస్కరణ ఉత్తరంలో కారణాలెన్నో ముందు లెక్కపెట్టు

చిరంజీవి రవికి,

నాన్న ఆసుపత్రి క్లెయిమ్ తిరస్కరిస్తూ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ రాసిన ఉత్తరం, నువ్వు వాట్సాప్‌లో పంపింది, రెండుసార్లు చదివాను. నాన్న డెంగీ నుంచి తేరుకుని ఇంటికొచ్చాడు, అది పెద్ద ఊరట. 68,400 రూపాయల సంగతి నెమ్మదిగా చూద్దాం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గట్టిగా అరిచానన్నావు. ఫోన్‌లో వాళ్ళు చెప్పిన మాటకి రేపు విలువ ఉండదు. ఉత్తరంలో రాసిన మాటకి ఉంటుంది.

ఇరవై రెండేళ్ళు క్లెయిమ్స్ సెక్షన్‌లో కూర్చుని ఇలాంటి ఉత్తరాలు నేనూ రాశాను. ఒక కారణం బలంగా లేదనిపిస్తే పక్కన ఇంకోటి తగిలించేవాళ్ళం. అన్నీ కలిపి ఒకే పేరాలో పెడితే చదివేవాడికి ఒక్కటే పెద్ద కారణంలా కనబడుతుంది. అందుకే నువ్వు మొదట చెయ్యాల్సింది ఆ పేరాని విడగొట్టడం. జవాబు రాయడం తర్వాత.

కంపెనీ ఉత్తరంలో అసలు సరుకు ఇంత: “పేషెంట్ పరిస్థితి నిలకడగా ఉంది, పరీక్షల కోసమే అడ్మిట్ చేశారు. డిశ్చార్జ్ సమ్మరీ ప్రకారం నాలుగేళ్ళుగా బీపీ ఉంది, ప్రపోజల్‌లో చెప్పలేదు. కాబట్టి Excl04, Excl01, సమాచార వెల్లడి షరతు కింద క్లెయిమ్ చెల్లదు.” ఒక తెల్లకాగితం తీసుకుని ప్రతి కారణానికీ మూడే విషయాలు రాయి: వాళ్ళు పట్టుకున్న క్లాజు, వాళ్ళు చెప్పిన సంగతి, ఆ సంగతి ఏ కాగితంలోంచి తీశారు. నీ వాదన ఒక్క ముక్క కూడా అందులో కలపకు. కలిపావంటే వాళ్ళన్నదేదో, నువ్వన్నదేదో నీకే తెలియకుండా పోతుంది. మీది ఇలా వస్తుంది:

ఒకటి. క్లాజు Excl04. సంగతి: పరీక్షల కోసమే చేరారు. ఆధారం: ఏ కాగితమో చెప్పలేదు.
రెండు. క్లాజు Excl01. సంగతి: పాలసీకి ముందే బీపీ ఉంది. ఆధారం: డిశ్చార్జ్ సమ్మరీలో ఒక లైను.
మూడు. సమాచార వెల్లడి షరతు. సంగతి: బీపీ దాచారు. ఆధారం: అదే లైను, పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారం.

చూశావా, మూడింట్లో రెండు కారణాలు ఒకే లైను మీద నిలబడ్డాయి.

ఇప్పుడు పాలసీ పుస్తకం తియ్యి. బ్రోచర్ కాదు, రెండు పేజీల వివరాల పత్రం కూడా కాదు, మొత్తం వర్డింగ్స్ ఉన్న పీడీఎఫ్. ఈ Excl నంబర్లు ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకీ ఒకేలా ఇచ్చినవి, కాబట్టి వెతకడం తేలిక. కానీ క్లాజు పేరు చూసి ఆగిపోకు, లోపలి వాక్యం చివరిదాకా చదువు.

Excl04 ఏమంటుందంటే, ముఖ్యంగా పరీక్షలూ నిర్ధారణా కోసం మాత్రమే జరిగిన అడ్మిషన్ ఖర్చు ఇవ్వరు. అందులో ‘మాత్రమే’ అన్న మాటని పట్టుకో. నాన్న ప్లేట్‌లెట్లు చేరిన రోజు 62,000, మర్నాడు 48,000. నాలుగు రోజులూ సెలైన్లు ఎక్కించారు. ఇవన్నీ డిశ్చార్జ్ సమ్మరీలో ఒక్క లైనుకి కుదించి ఉంటారు. నువ్వు ఆసుపత్రి రికార్డ్ సెక్షన్‌లో అడిగి ఇన్‌డోర్ కేస్ పేపర్లు, అంటే నర్సులు గంటగంటకీ నింపిన చార్టు జెరాక్సు తెచ్చుకో. ఏ సెలైను ఎన్ని గంటలకి పెట్టారో అందులో ఉంటుంది. మొదటి కారణానికి అదే జవాబు.

Excl01 పాతజబ్బు క్లాజు. అది నిలవాలంటే కట్టిన ఖర్చు ఆ పాతజబ్బుకో, దాని నుంచి నేరుగా వచ్చిన ఇబ్బందికో అయి ఉండాలి. దోమ కుట్టి వచ్చిన డెంగీకి, బీపీకి ఏం సంబంధం? బీపీ నిజంగా పాతదే అనుకున్నా ఈ క్లాజు ఇక్కడ అతకదు. ఒక్క జాగ్రత్త చెప్తాను. మీ పాలసీలో పాతజబ్బుకి కవర్ మొదలయ్యేదాకా వెయిటింగ్ 36 నెలలు, పాలసీ మొదలై 40 నెలలు దాటాయి కదా అని ఆ వాదన మొదలుపెట్టకు. ఆ క్లాజు చివర ఒక చిన్న వాక్యం ఉంటుంది: 36 నెలల తర్వాత కవర్ దొరికేది ముందే చెప్పి, కంపెనీ ఒప్పుకున్న జబ్బులకే అని. చాలామంది అక్కడే దెబ్బతింటారు.

అసలు టెన్షన్ మూడోదానితో. దాచడం అనే షరతుకి జబ్బుల మధ్య సంబంధం అక్కర్లేదని వాళ్ళు వాదిస్తారు. పైగా అది రుజువైతే పాలసీనే రద్దు చేసే వీలుంది. ఐదేళ్ళు వరసగా ప్రీమియం కట్టుంటే, మోసం రుజువైతే తప్ప ఈ మాట ఎత్తకూడదు. మీకు ఇంకా ఐదేళ్ళు కాలేదు. కాబట్టి తేదీల దగ్గర తేల్చుకోవాలి.

పాలసీ మొదలైంది 2022 జూన్‌లో. అడ్మిషన్ 2025 అక్టోబర్‌లో. నాలుగేళ్ళు వెనక్కి వెళ్తే 2021 అక్టోబర్, అంటే పాలసీకి ఎనిమిది నెలల ముందు. మూడేళ్ళు అని రాసుంటే గొడవే లేదు. ఆ ‘నాలుగు’ ఎక్కడ నుంచి వచ్చింది? రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్ అడిగితే మీ అమ్మ నోటికొచ్చిన అంకె చెప్పుంటుంది. బీపీ మాత్ర మొదలుపెట్టింది 2023 ఆగస్టులో అని నాన్న నాతో అన్నాడు. ఆ మొదటి మందుల చీటీ కావాలి. దొరికితే అది చూపించి, అడ్మిట్ చేసిన డాక్టర్ దగ్గర ఆ నాలుగేళ్ళ మాటకి వివరణ లెటర్ అడుగు. ప్రపోజల్ ఫారం కాపీ కూడా కంపెనీ నుంచి తెప్పించి, బీపీ గురించి ప్రశ్న అసలు ఉందో లేదో చూడు. ఒకవేళ 2022కి ముందు చీటీ ఏదైనా బయటపడితే నాతో దాచకు, అప్పుడు దారి వేరేగా ఆలోచిద్దాం. తేదీ దిద్దిన చీటీ ఎక్కడా పెట్టకు. అలాంటివి మేం వెలుతురుకి పట్టుకుని చూసేవాళ్ళం. అప్పుడు దారి వేరేగా ఆలోచిద్దాం.

కారణాలు విడగొట్టి రాయమన్నది ఊరికే కాదు. సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, తిరస్కరణ ఉత్తరంలో లేని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో కొత్తగా ఎత్తకూడదని. రేపు వాళ్ళు నాలుగోది ఏదైనా తెస్తే నీ కాగితం తీసి చూపించొచ్చు.

జవాబు ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పంపు, మూడు కారణాలకీ మూడు పేరాలు, అదే వరసలో. నెలలో తేల్చకపోయినా, మళ్ళీ కాదన్నా పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి, హైదరాబాద్‌లో, ఏడాదిలోపు వెళ్ళొచ్చు. ఫీజు లేదు, వకీలు పెట్టనివ్వరు. ఇచ్చిన తీర్పుకి కంపెనీ కట్టుబడాలి.

మీ అమ్మ మందుల చీటీలు పాత బిస్కెట్ డబ్బాలో దాస్తుంది, బీరువా పైన చూడు. 2023 ఆగస్టుది దొరకగానే ఫొటో తీసి పంపు, తేదీ, డాక్టర్ సంతకం కనబడేలా.

పెదనాన్న