సైకోసిస్‌కి తెలుగు మాట వెతికిన రోజు

ప్రశ్న: డిప్రెషన్, యాంగ్జయిటీ, సైకోసిస్ లాంటి వాటికి మంచి తెలుగు పదాలు పెడితే జనంలో చిన్నచూపు తగ్గుతుందా? ఎవరికైనా స్వయంగా అనుభవం ఉంటే చెప్పండి.

తగ్గదు. పదం లేక కాదు సార్ మన బాధ, ఉన్న ప్రతి పదానికీ ముందే ఇంకో ఉద్యోగం ఉంది. యాంగ్జయిటీకి ఆందోళన అంటారు, పేపర్లో ఆందోళన అంటే కలెక్టరేట్ ముందు టెంట్ వేసుకుని కూర్చోవడం. డిప్రెషన్‌కి కుంగుబాటు అని రాస్తారు, మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఆ మాట నోటితో అనగా నేను వినలేదు. మా ఆఫీసులో అయితే క్యాంటీన్లో బిర్యానీ అయిపోయినా డిప్రెషనే. ఈ రెండిటినీ వదిలేస్తున్నా, నేను దగ్గరుండి చూసింది మూడోది, సైకోసిస్. అంటే లేని మాటలు వినపడటం, జరగనివి జరుగుతున్నాయని గట్టిగా నమ్మడం.

మూడేళ్ల కిందటి మాట. నేను బెంగళూరులో కె.ఆర్.పురంలో ఉంటాను. మా పిన్ని కొడుకు, ఇరవై మూడేళ్లవాడు, హిందూపురం నుంచి ఉద్యోగం వెతుక్కుందామని నా రూముకొచ్చాడు. మొదటి నెల బాగానే ఉన్నాడు. తర్వాత రాత్రిళ్లు పడుకోవడం మానేశాడు, ఫోన్ స్విచ్చాఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టేవాడు, కిటికీకి దుప్పటి కట్టాడు. ఎదురు బిల్డింగ్ మీద సెల్ టవర్ ఉంది, అందులోంచి తన గురించి మాట్లాడుతున్నారని, మా ఓనరు కూడా వాళ్లతో కలిశాడని అన్నాడు. ఇంటర్వ్యూల టెన్షన్ అనుకుని నేను పదిహేను రోజులు పోగొట్టాను. చివరికి పిన్నిని పిలిపించి ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ చూసిన జూనియర్ డాక్టర్ కన్నడమ్మాయి, చాలా ఓపికమంతురాలు, కానీ తెలుగు రాదు. మావాడికి కన్నడం అర్థమవుతుంది గానీ ఆ రోజు తెలుగు తప్ప ఇంకేదీ మాట్లాడనన్నాడు. దాంతో మధ్యవర్తిని నేనే. ఎవరూ లేనప్పుడు వాయిసెస్ వినిపిస్తాయా అడగమంది. నేను గొప్పగా 'నీకు స్వరాలు వినిపిస్తున్నాయా' అని అడిగాను. 'నేను సంగీతం నేర్చుకోలేదు కదన్నా' అన్నాడు. సరే, 'గొంతులు వినపడతాయా' అన్నాను. 'ఎవరి గొంతు?' అన్నాడు. డాక్టర్ 'లేవు' అని రాసుకోబోయింది.

అక్కడ తుడుస్తున్న పెద్దావిడ చిత్తూరు వైపు మనిషి. చీపురు పక్కన పెట్టి, 'పక్కన ఎవురూ లేనప్పుడు గూడా ఎవురో మాట్లాడినట్టు చెవిన పడతా ఉందా నాయనా?' అని అడిగింది. వాడు తల దించుకుని చాలాసేపటికి చెప్పాడు: 'ఇద్దరుంటారు. నేనేం చేస్తే అది ఒకడు చెప్తుంటాడు, ఇప్పుడు లేచాడు, ఇప్పుడు నీళ్లు తాగాడు అని. ఇంకొకడు నవ్వుతాడు.' నేను చెప్పగానే డాక్టర్ పెన్ను ఆపి మళ్లీ చెప్పమంది. మనం చేసే పనుల్నే ఎవరో కామెంటరీలా చెబుతున్నట్టు వినపడటం ఈ జబ్బులో చాలా ముఖ్యమైన గుర్తు అని తర్వాత తెలిసింది. నా 'స్వరాలు' వల్ల అది రికార్డులోకే ఎక్కకుండా పోయేది.

రెండో గొడవ అనుమానం దగ్గర. ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగానో లేదో, పిన్ని లేచింది. 'వానికి పెండ్లే కాలేదు, అనుమానమేందిరా?' అని. మన దగ్గర అనుమానం మనిషంటే పెళ్లాన్ని కొట్టేవాడని అర్థం కదా. 'నీకు ఎవరైనా కీడు తలపెట్టారనిపిస్తోందా' అని అడిగాక గానీ దారిలో పడలేదు. డెల్యూజన్‌కి పుస్తకాల్లో భ్రమ అంటారు. భ్రమ చాలా మెత్తటి మాటండీ, ప్రమోషన్ ఇస్తారని నేను కూడా భ్రమ పడ్డాను. పది మంది పది రుజువులు చూపించినా కదలని నమ్మకానికి అది ఏ మూలకీ చాలదు.

ఇక అసలు దెబ్బ చీటీ మీద పడింది. సైకోసిస్ అని రాసి పక్కన F29 అని కోడ్ వేశారు. పిన్ని ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని 'సైకో' దగ్గర ఆగిపోయింది. సైకో అంటే మన సినిమాల్లో ఎవరో మీకూ తెలుసు, కత్తి పట్టుకుని బాత్రూం తలుపు వెనక ఉంటాడు. సాయంత్రానికి చుట్టాల గ్రూపులో 'వాడికి సైకో అంట' అని పాకిపోయింది. అంటే ఇంగ్లీషు పదం అలాగే ఉంచేస్తే గొడవ లేదనేవాళ్ల మాట కూడా ఇక్కడ నిలవదు. పోనీ తెలుగులో ఉన్మాదం అందామా? ఏ హత్య జరిగినా మన పేపర్లు ఉన్మాది ఘాతుకం అని పెద్దక్షరాల్లో వేస్తాయి. ఆ హెడ్డింగులు రాసేవాళ్లని ఒక రోజు వార్డులో కూర్చోబెట్టాలి, అక్కడ ఎక్కువ మంది భయపడేవాళ్లే గానీ భయపెట్టేవాళ్లు కాదు.

ఆ కోడ్ సంగతి మరుసటి వారం పెద్ద డాక్టరు చెప్పాడు. F29 అంటే సైకోసిస్ ఉంది, ఏ రకమో ఇంకా తేలలేదు అని. సైకోసిస్ ఒక జబ్బు పేరు కాదు, జ్వరం లాంటిదన్నాడు. జ్వరం టైఫాయిడ్‌లో వస్తుంది, మలేరియాలో వస్తుంది. ఇది కూడా గంజాయితో రావచ్చు, కాన్పయ్యాక రావచ్చు, థైరాయిడ్ తేడా వల్ల రావచ్చు, బైపోలార్‌లోనో స్కిజోఫ్రెనియాలోనో రావచ్చు. అందుకే ముందు రక్తపరీక్షలు చేసి, గంజాయి అలవాటుందా అని నాలుగుసార్లు అడిగారు. మన పిచ్చి అనే మాటలో ఈ 'ఇంకా తేలలేదు'కి చోటే లేదు. జ్వరం వచ్చినవాణ్ణి జ్వరమోడు అనం, పిచ్చి వస్తే మాత్రం జీవితాంతం పిచ్చోడే.

జపాన్ వాళ్లు 2002లో స్కిజోఫ్రెనియా పేరే మార్చేశారు. అంతకు ముందున్న పేరుకి మనసు చీలిన జబ్బు అని అర్థం, కొత్తదానికి మనసు పొందిక తప్పిన జబ్బు అని. ఆ తర్వాత కొన్నేళ్లలో రోగికి జబ్బు పేరు చెప్పే డాక్టర్లు బాగా పెరిగారు. మంచిదే, డాక్టరు నోరు తెరవడానికి పనికొచ్చింది. మా పిన్ని వాళ్ల వీధిలో వాళ్ల నోరు మూయించడానికి పనికొస్తుందని మాత్రం నేను నమ్మను.

మావాడికి రాత్రిపూట రిస్పెరిడోన్ రెండు మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. మూడు వారాలకి నవ్వేవాడు పోయాడు, ఇంకో పది రోజులకి కామెంటరీవాడు కూడా. చేతులు కాస్త బిగుసుకుపోతుంటే దానికి ఇంకో మాత్ర ఇచ్చారు. కనీసం ఏడాది దాటి వాడాలని, బాగైందని మీ అంతట మీరు ఆపొద్దని చెప్పారు. నాలుగో నెలలో పిన్ని ఆపేసింది. ఎందుకంటే మెడికల్ షాపు కుర్రాడు చీటీ చూసి పక్కవాడితో 'మెంటల్ మాత్రలు' అన్నాడట. నెలన్నర తిరక్కుండా టవర్ మళ్లీ మాట్లాడింది. ఇప్పుడు ఆ షాపు మానేసి రెండు స్టాపులు అవతల కొంటున్నాం.

మీ ఇంట్లో ఇలాంటి అవసరం వస్తే డాక్టర్ల తెలుగు కరపత్రాలు పట్టుకెళ్లకండి. చూసింది చూసినట్టు చెప్పండి: ఎన్ని రోజుల నుంచి నిద్ర లేదు, ఎవరితో మాట్లాడుతున్నట్టు పెదాలు కదుపుతున్నాడు, ఏం తినడానికి భయపడుతున్నాడు. జబ్బు పేరు వాళ్లు పెట్టుకుంటారు. మీకు దగ్గర్లో తెలిసినవాళ్లు లేకపోతే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం పెట్టిన 14416 టెలీ మానస్ ఫోన్ నంబర్ ఉంది, తెలుగులో కూడా మాట్లాడతారు.

పిన్ని ఇప్పటికీ చుట్టాలకి 'నిద్ర జబ్బు' అనే చెప్తుంది. నేను దిద్దను. మావాడు డ్యూటీకెళ్తున్నాడు, మాత్ర వేసుకుంటున్నాడు, ఆ రోజుల గురించి ఎప్పుడైనా మాటొస్తే 'టవర్ టైమ్‌లో' అంటాడు.