రామప్ప గుడి బిట్టుకు ఎన్ని జవాబులు? ఏఐ రాసిన ప్రశ్నలను పేపర్‌కి ముందు వడకట్టడం

ప్రశ్న: గ్రూప్-2 పిల్లలకు హిస్టరీ, పాలిటీ చెబుతాను. వారం వారం పెట్టే టెస్టుకి బిట్లు ఏఐతో రాయిస్తున్నాను. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ టెస్టయ్యాక పిల్లలు వచ్చి "సార్, ఇది కూడా కరెక్టే కదా" అంటున్నారు. పేపర్ చేతికివ్వక ముందే ఇలాంటివి ఎలా పట్టుకోవాలి?

జవాబు:

ముందు కీ చూడటం మానేయండి. మెషీన్ బిట్టు, కీ, వివరణ మూడూ కలిపి ఇస్తుంది. ఆ వివరణ అచ్చుపుస్తకంలా ఉంటుంది కాబట్టి చదవగానే మనం ఒప్పేసుకుంటాం. ఆ తర్వాత ఎంతసేపు చూసినా మిగతా మూడు ఆప్షన్లూ తప్పుల్లాగే కనిపిస్తాయి. నేనూ మీలాగే హిస్టరీ, పాలిటీ చెబుతాను. నాకు బిట్లు ఒక షీట్‌లో, కీ, వివరణలు ఇంకో షీట్‌లో ఉండాలి. మొదటిసారి చదివేటప్పుడు ఆప్షన్లు కూడా చేత్తో మూసేసి, ప్రశ్న ఒక్కటే చదివి జవాబు పక్కన రాసుకుంటాను. రాసేటప్పుడు "దేని గురించి అడుగుతున్నాడు?" అని పెన్ను ఆగిందంటే ఆ ప్రశ్నలో ఏదో లోపం ఉన్నట్టే.

ఒక బిట్టు తీసుకుని మొత్తం చూపిస్తాను. ఇలాంటిది మీకూ వచ్చే ఉంటుంది.

> వరంగల్ జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని నిర్మించినది ఎవరు?
> ఎ) రుద్రదేవుడు
> బి) గణపతిదేవుడు
> సి) రేచర్ల రుద్రుడు
> డి) రామప్ప
>
> కీ: బి. వివరణ: 1213లో కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు ఈ ఆలయాన్ని నిర్మించాడు.

పైపైన చూస్తే దీనిలో వంక పెట్టడానికేమీ లేదు. కాకతీయులు సరే, 1213 సరే, గణపతిదేవుడు అప్పుడు రాజ్యం చేస్తున్న మాటా నిజమే. కీ దాచి ప్రశ్న ఒక్కటే చదివితే నా పెన్ను "నిర్మించినది" దగ్గర ఆగింది. కట్టించినవాడా? ఎవరి కాలంలో కట్టారో ఆ రాజా? కట్టిన శిల్పా?

ఇక్కడే రెండో పని మొదలవుతుంది, ఎక్కువ సమయం పట్టేదీ ఇదే. ఒక్కో ఆప్షన్ తీసుకుని, అది పెట్టిన పిల్లాడి తరఫున వకీలులా వాదించాలి. సి పెట్టినవాడికి గట్టి ఆధారమే ఉంది. గుడి దగ్గరి 1213 నాటి శాసనం ప్రకారం కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. డి పెట్టినవాడు "శిల్పి పేరు రామప్ప, ఆయన పేరు మీదే గుడికి ఆ పేరు వచ్చింది కదా సార్" అంటాడు. ఈ మాట మనమే క్లాసులో చెప్పి ఉంటాం. బి పెట్టినవాడు గైడ్లలో "గణపతిదేవుని కాలంలో" అన్న వాక్యం చూపిస్తాడు. మిగిలింది ఎ. కాకతి రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించినవాడు. 1213 నాటికి ఆయన లేడు. కాబట్టి దీన్ని నిశ్చింతగా తప్పు అనొచ్చు అనుకున్నాను. తీరా చూస్తే 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు యునెస్కో ఇచ్చిన చిన్న పరిచయంలో ఈ గుడిని రుద్రదేవుడు, రేచర్ల రుద్రుడు అనే పాలకుల కింద కట్టినట్టు రాసి ఉంది. ఆ పేజీ ఫోన్‌లో తెరిచి చూపించే పిల్లాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు.

అంటే నాలుగు ఆప్షన్లకీ ఏదో ఒక ఆధారం దొరికింది. మెషీన్ ఇచ్చిన కీ అయితే వాటిలో గట్టిది కూడా కాదు.

ఇంతలో "వరంగల్ జిల్లా" సంగతి మర్చిపోకూడదు. అది ఉమ్మడి వరంగల్ నాటి మాట. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు పాలంపేట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. పాత పుస్తకాల్లో, పాత వెబ్‌సైట్లలో వరంగల్ అనే ఉంటుంది కాబట్టి మెషీన్ కూడా అదే రాస్తుంది. జిల్లాల పేర్లు, సంఖ్యలు, పదవుల్లో ఉన్నవాళ్లు కనిపిస్తే ప్రశ్నలో ఎక్కడున్నా సరే నేను ఎర్ర పెన్ను పెడతాను. తెలంగాణలో జిల్లాలెన్ని అంటే 10, 31, 33 మూడూ ఒక్కో తేదీకి సరైనవే. తేదీ ఇవ్వకుండా ఆ బిట్టు ఇవ్వకూడదు.

ఇప్పుడు సవరణ. చాలామంది కీని బి నుంచి సి కి మార్చి ఊరుకుంటారు. దాంతో గొడవ తీరదు, ఎందుకంటే డి వాదన అలాగే ఉంది. మార్చాల్సింది ప్రశ్నను. ఆధారం ఏదో ప్రశ్నలోనే చెబితే వాదనలు చాలావరకు పడిపోతాయి. "1213 నాటి శాసనం ప్రకారం రామప్ప దేవాలయాన్ని కట్టించిన కాకతీయ సేనాని ఎవరు?" అని రాశాననుకోండి. శిల్పి పోయాడు, రాజు పోయాడు, యునెస్కో వాక్యమూ పోయింది.

కానీ ఇప్పుడు ఇంకో తలనొప్పి వచ్చింది. "సేనాని" అన్నాక రుద్రదేవుడు, గణపతిదేవుడు రాజులు కాబట్టి పుస్తకం తెరవనివాడు కూడా సి పెడతాడు. జవాబు ప్రశ్నలోనే దొరికిపోతోంది. కాబట్టి ఆప్షన్లు కూడా మార్చాలి. జాయప సేనాని, గంగయ సాహిణి, అంబదేవుడు, రేచర్ల రుద్రుడు పెట్టాను. నలుగురూ కాకతీయుల కాలంలో పేరున్న సేనానులు, సామంతులే. వీరిలో ఎవరు రామప్ప గుడి కట్టించారో చదివినవాడికే తెలుస్తుంది. ప్రశ్న ముక్క ఒక్కటి మార్చినా మొత్తం బిట్టుని మళ్లీ మొదటి నుంచి, ఒక్కో ఆప్షన్ తరఫున వాదిస్తూ చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

వాదించాక ప్రతి తప్పు ఆప్షన్ పక్కన అది ఎందుకు తప్పో ఒక్క వాక్యం రాయండి. "జాయప సేనాని: గణపతిదేవుడి గజసాహిణి, నృత్తరత్నావళి రాశాడు, ఈ శాసనంలో గుడి కట్టించినవాడు కాదు" అన్నట్టు. ఆ వాక్యం రాయలేకపోయిన ఆప్షన్ తప్పో కాదో మీకు తెలియదన్నమాట. అలాంటిది తీసేయడమే మేలు. పిల్లలు వచ్చి అడిగినప్పుడు చూపించడానికి కూడా ఈ వాక్యాలే పనికొస్తాయి.

పాలిటీలో చిక్కు వేరే రకంగా వస్తుంది. "ఓటు హక్కు వయసును 21 నుంచి 18కి ఏ సంవత్సరంలో తగ్గించారు?" అని రాసి ఆప్షన్లలో 1988, 1989 రెండూ పెడుతుంది మెషీన్. 61వ సవరణ చట్టం పేరులో ఉన్నది 1988. అమల్లోకి వచ్చింది 1989 మార్చి 28. రెండు జవాబులూ నిలబడతాయి. ఇలాంటి వాటికి కోచింగ్ గైడ్ చూస్తే లాభం లేదు, ఒక్కో గైడ్‌లో ఒక్కో సంవత్సరం ఉంటుంది. కేంద్ర న్యాయ శాఖ పెట్టే రాజ్యాంగం పీడీఎఫ్‌లో 326వ ఆర్టికల్ తీసి పేజీ అడుగున ఫుట్‌నోట్ చూడండి. ఏ సవరణ చట్టం ద్వారా మార్చారు, ఏ తేదీ నుంచి అమలు అన్నది ఒకే లైనులో ఉంటుంది. 44వ సవరణ, 86వ సవరణ లాంటివాటికీ ఈ దారే. చట్టం చేసిన ఏడాది, అమలైన ఏడాది వేరైన సవరణలు మన సిలబస్‌లో చాలానే ఉన్నాయి. నేనైతే ఈ బిట్టులో ఏడాది అడగడం మానేసి సవరణ నంబర్ అడుగుతాను. 42, 44, 52, 61 ఆప్షన్లు పెడితే ఎవరూ వాదించలేరు.

"దేశంలో మొదటి భాషాప్రయుక్త రాష్ట్రం" అన్న బిట్టు కూడా ఇలాంటిదే. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1 అని మనకు నోటికి వస్తుంది. ఆప్షన్లలో ఒడిశా ఉంటే 1936లోనే భాష ప్రాతిపదికన ఏర్పడిన ప్రావిన్సు గుర్తొచ్చిన పిల్లాడు ఆగిపోతాడు. "స్వతంత్ర భారతదేశంలో" అన్న మాట చేర్చితే సరిపోతుంది. గమనించారా, ఇక్కడ ఇబ్బంది పడేది బాగా చదివినవాడే. అరకొరగా చదివినవాడు ఆంధ్ర పెట్టేసి ముందుకెళ్లిపోతాడు.

టెస్టయ్యాక కూడా ఈ గుర్తు పనికొస్తుంది. మొత్తం మార్కుల్లో ముందున్న పిల్లల జవాబులు తీసి, ఒక్కో బిట్టుకి వాళ్లు ఏ ఆప్షన్ పెట్టారో చూడండి. వాళ్లంతా నాలుగు ఆప్షన్లలో చెదిరిపోతే బిట్టు కఠినం అనుకోవచ్చు. వాళ్లు రెండే ఆప్షన్ల మధ్య చీలిపోయినా, వెనకబడినవాళ్ల కంటే వీళ్లే ఎక్కువ తప్పినా, ముందు ప్రశ్నను అనుమానించండి. ఓఎంఆర్ స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఎక్సెల్‌లో ఇది చూసుకోవచ్చు.

ఒక మాట. అదే మెషీన్‌తో సరిచూపించుకుంటే సరిపోతుందని అనుకోకండి. తప్పుందని గట్టిగా అంటే చాలాసార్లు వెంటనే కీ మార్చేస్తుంది, ఒప్పు కీని తప్పంటే కూడా అలాగే మార్చేస్తుంది. వివరణలో శాసనం పేరో, పుస్తకం పేరో ఇస్తే ఆ పుస్తకం తెరిచి చూడండి, కొన్నిసార్లు అందులో ఆ సంగతే ఉండదు. కీ, వివరణ ఒకదానికొకటి పొసగకపోవడం కూడా మామూలే. వివరణ చదువుకుంటూ పోతే సి అని తేలుతుంది, పైన కీ మాత్రం బి అని ఉంటుంది. అందుకే చివర్లో ఆ రెండో షీట్ తెరిచి నా జవాబు, కీ, వివరణ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఏ రెండు కలవకపోయినా ఆ బిట్టు పక్కకు పోతుంది.

ఇంత చేస్తే టైమ్ పడుతుంది, నిజమే. అందుకని ప్రతి బిట్టునీ బాగుచేయాలని కూర్చోకండి. నేను ఒకసారి సవరించి, మళ్లీ ఆప్షన్ల తరఫున వాదించి చూస్తాను. అప్పుడు కూడా రెండో జవాబు నిలబడితే తీసి పారేస్తాను, ఇంకోటి రాయించుకోవడం అంతకంటే తేలిక. "కింది వాక్యాల్లో సరైనవి ఏవి" అని నాలుగు వాక్యాలతో వచ్చే బిట్లు మాత్రం నేను మెషీన్‌తో అసలు రాయించను. నాలుగు వాక్యాలకూ విడివిడిగా ఆధారం వెతికేసరికి చేత్తో రాసుకున్నంత పని అవుతుంది.