లాడ్జి వెబ్‌సైట్‌లో చాట్ పాప్-అప్: ఎప్పుడు పలకరించాలి?

ప్రశ్న: తిరుపతిలో మా లాడ్జి సైట్‌కి చాట్ పెట్టించాం. సైట్ తెరవగానే "నమస్తే, ఏం కావాలి?" అని పైకొస్తోంది. అడ్డంగా ఉందని కొందరు అంటున్నారు. ఎప్పుడు రానివ్వాలి, ఎప్పుడు వద్దు?

జవాబు: తిరుపతిలో రెండు మూడు లాడ్జిల సైట్లు నేనే చూసుకుంటున్నానండీ, అక్కడ చూసింది చెబుతాను. సైట్ తెరిచిన మనిషి పనిలో ఉన్నాడా, ఆలోచనలో పడ్డాడా అన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. పనిలో ఉన్నవాణ్ని కదిలించకూడదు.

హోం పేజీలో పలకరింపు తీసేయండి. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి ఫోన్ నంబరో, దారో చాలు. రూమ్ అద్దెల పేజీలో మాత్రం ఉంచండి. ఒకాయన ఏసీ రూమ్ చూసి, చెక్-ఇన్ నియమాలకు వెళ్లి, మళ్లీ అదే రూమ్ దగ్గరికి వచ్చాడనుకోండి, ఆయన మనసులో ఏదో సందేహం ఉంది. మన దగ్గర అది సాధారణంగా "తెల్లవారుజామున రైలు దిగితే రూమ్ ఇస్తారా?", లేదంటే "ఒక్కడికే ఇస్తారా?" అన్నదే. కాబట్టి రెండోసారి అదే పేజీకి వచ్చాక, అర నిమిషం ఆగి పలకరించండి. మాట కూడా మార్చండి: "తెల్లవారుజామున దిగుతున్నారా? చెక్-ఇన్ టైం అడగండి." ఉత్త నమస్తే కంటే దీనికే జవాబు వస్తుంది.

పేర్లు, తేదీలు నింపే ఫారంలో, డబ్బు కట్టే పేజీలో పాప్-అప్ అసలు రాకూడదు. ఫోన్‌లో కీబోర్డు తెరిచి ఉండగా అది వస్తే, టైప్ చేసే గడినే కప్పేస్తుంది. ఇంకో చిక్కుంది, చాలామంది గమనించరు. యూపీఐ యాప్‌కో, మెసేజ్‌లో ఓటీపీ చూడటానికో వెళ్లినప్పుడు కూడా టైమర్ నడుస్తూనే ఉండొచ్చు. తిరిగి రాగానే పలకరింపు మీద పడుతుంది, డబ్బు కట్టామో లేదో అన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకి అది చిరాకు. అందుకే పేజీ కళ్ల ముందున్నప్పుడే సెకన్లు లెక్కపెట్టమని మీ డెవలపర్‌కి చెప్పండి:

```
let seconds = 0;
setInterval(() => {
  if (document.visibilityState === 'visible') seconds++;
}, 1000);
```

ఒకసారి మూసేసినవాళ్లకి ఆ రోజుకి మళ్లీ చూపించొద్దు. రాత్రి రిసెప్షన్‌లో జవాబిచ్చేవాళ్లు లేకపోతే పలకరించొద్దు, చాట్ గుర్తు మాత్రం మూలన ఉంటే చాలు. పిలిచి పలక్కపోవడం కంటే పిలవకపోవడమే నయం.

ఫలితం చూసేటప్పుడు ఎన్ని చాట్‌లు వచ్చాయని కాదు, ఎన్ని బుకింగ్‌లు పూర్తయ్యాయని చూడండి. ఈ వారంతో పోయిన వారాన్ని పోల్చకండి. బ్రహ్మోత్సవాల రద్దీ, పరీక్షల కాలపు మందకొడితనం లెక్కను తారుమారు చేస్తాయి. అవే రోజుల్లో వచ్చినవాళ్లలో సగం మందికి పాప్-అప్ చూపించి, సగం మందికి చూపించకుండా పోల్చాలి. చిన్న లాడ్జికి బుకింగ్‌లు తక్కువ కాబట్టి, రెండు మూడు బుకింగ్‌ల తేడా కనిపించగానే నమ్మేయకుండా నెలా రెండు నెలలు అలాగే నడపండి.