7 నంబరు రంగు నల్ల జుట్టుకు ఎందుకు పట్టలేదు?

"అక్కా, 7.3 వేసుకున్నాను. నల్ల జుట్టు అలాగే ఉంది, తెల్ల వెంట్రుకలు మాత్రం బంగారు రంగులో మెరుస్తున్నాయి. వచ్చే వారం చెల్లెలి పెళ్లి, టెన్షన్‌గా ఉంది."

రంగు పాడైంది కాదమ్మా, లెవెల్ కుదరలేదు. చుక్కకు ముందున్న అంకె జుట్టు ఎంత ముదురో చెబుతుంది: 1 కాటుక నలుపు, 10 బాగా లేత బంగారు రంగు. చుక్క తర్వాతది ఛాయ. 3 అంటే బంగారు ఛాయ.

మన వాళ్ల జుట్టు ఎక్కువగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. రంగులో కలిపే 6 శాతం డెవలపర్ సహజమైన జుట్టును ఒకటి, మహా అయితే రెండు మెట్లు లేతగా చేస్తుంది. మీది 2 అనుకుంటే 4 దగ్గరే ఆగిపోతుంది, ఎండలో కొంచెం ఎర్రగా కనిపిస్తుందంతే. తెల్ల వెంట్రుకలో అడ్డుపడే నలుపు లేదు కాబట్టి 7 ఉన్నదున్నట్టు పట్టేసింది. ఇదివరకే నల్ల డై వేసి ఉంటే ఆ భాగం అసలు కదలదు. రంగు మీద రంగు వేస్తే లేతబడదు.

తిరుపతిలో మా పార్లర్‌కూ ఇలాగే వస్తుంటారు. వాళ్లను ముందు గుమ్మం దగ్గర పగటి వెలుతురులో నిలబెట్టి, కుదుళ్ల దగ్గర ఒక పాయ పట్టుకుని షేడ్ కార్డుతో పోల్చి చూస్తాను. ట్యూబ్‌లైట్ కింద లెవెల్ సరిగ్గా తెలియదు.

మీరు 3.0 గానీ 4.0 గానీ ఆ తెల్ల వెంట్రుకల మీదే వేయండి. రెండు రోజుల ముందు చెవి వెనక కొంచెం రాసి దురద వస్తుందేమో చూసుకోండి. ఒక పాయ మీద వేసి చూశాకే మిగతాది.