ఒక్క లైను ఫంక్షన్‌తో చేసిన ప్రాజెక్టుకు విలువ ఉంటుందా?

*ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను సార్. చీకట్లో తీసిన ఫొటోలను, వెలవెలబోయినట్టుండే ఫొటోలను హిస్టోగ్రామ్ ఈక్వలైజేషన్‌తో ఆటోమేటిక్‌గా బాగుచేయడం మా మినీ ప్రాజెక్ట్. ఫస్ట్ రివ్యూలో "ఓపెన్‌సీవీలో ఒక్క లైనే కదా, ఇందులో మీరు చేసిందేముంది?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. టాపిక్ మార్చి డీప్ లెర్నింగ్ తీసుకోమంటారా? ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ఇది చెప్పుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.*
*– ఒక విద్యార్థిని, గుంటూరు*

టాపిక్ మార్చకండి. అయితే ప్యానెల్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. `cv2.equalizeHist(gray)` అని రాయడం ప్రాజెక్ట్ కాదు. దాన్ని ఏ ఫొటో మీద వాడొచ్చు, దేన్ని ముట్టుకోకూడదు, నిజంగా బాగైందని మీరెలా తేల్చారు అన్నవి మాత్రం ఏ ఫంక్షనూ చెప్పదు. అదే మీరు చేయాల్సిన పని. చాలా రిపోర్టుల్లో ఎంచి పెట్టిన నాలుగు ఫొటోలు, వాటి పక్కన నాలుగు హిస్టోగ్రాములు తప్ప ఇంకేమీ ఉండవు. రివ్యూల్లో ఇలాంటి ప్రశ్నలు పడేది అందుకే.

ముందు ఆ ఒక్క లైను లోపల ఏం జరుగుతుందో కాగితం మీద చేసి చూపించగలగాలి. ఇంటర్వ్యూలో మొదట అడిగేదీ అదే. 16 పిక్సెళ్ల చిన్న ముక్క తీసుకోండి. అందులో 5 పిక్సెళ్ల విలువ 40, ఆరింటిది 42, నాలుగింటిది 45, ఒక్కదానిది 200. అంటే అంతా చీకటి, ఒక మూల వీధి దీపం. మామూలుగా కనిష్ఠాన్ని 0కి, గరిష్ఠాన్ని 255కి సాగదీస్తే ఈ ఫొటోకు ఒరిగేదేమీ లేదు. 40 సున్నా అవుతుంది, 42 కాస్తా 3 అవుతుంది, 45 కేమో 8 వస్తుంది. దీపం ఒక్కటే ఉన్న జాగా అంతా తినేసింది.

ఈక్వలైజేషన్ విలువల మధ్య దూరం చూడదు, ఒక్కో విలువ దగ్గర ఎన్ని పిక్సెళ్లున్నాయో లెక్కపెడుతుంది. కింది నుంచి కూడుకుంటూ వస్తే 5, 11, 15, 16 వస్తాయి. ఓపెన్‌సీవీ వాడే సూత్రం ఇది:

```
s = round(255 * (cdf(r) - cdf_min) / (N - cdf_min))
```

ఇందులో `r` పాత విలువ, `s` కొత్త విలువ, `cdf` ఇప్పుడు కూడుకుంటూ వచ్చిన మొత్తం. `N` అంటే మొత్తం పిక్సెళ్లు, 16. `cdf_min` ఆ మొత్తాల్లో మొదటిది, 5. లెక్కేస్తే 40 సున్నాకి, 42 ఏకంగా 139కి, 45 కి 232, 200 కి 255 వస్తాయి. చీకట్లో కలిసిపోయిన మూడు విలువలూ విడివిడిగా కనబడతాయి. పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా ఉండే సూత్రంలో `cdf_min` తీసివేత ఉండదు. దానితో చేస్తే 40 కి 80, 42 కి 175 వస్తాయి. మీ చేతి లెక్క, ప్రోగ్రామ్ జవాబు కలవకపోతే ముందు ఈ తేడానే చూసుకోండి.

ఇప్పుడు అదే లెక్కను ఇంకోలా చూడండి. 40కి, 42కి మధ్య ఉన్న రెండు మెట్ల తేడా 139 మెట్లయింది. ఆ తేడా నిజంగా గోడకూ తలుపుకూ మధ్యదైతే మంచిదే. ఫోన్ సెన్సర్ చీకట్లో పుట్టించిన నాయిస్ అయితే అది కూడా అంతే పెరుగుతుంది. ఈ పద్ధతికి ఆ రెంటినీ వేరుచేసే మార్గం లేదు. మీ ప్రాజెక్టులో ఫొటోలు చెడిపోయే చోట్లలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వస్తాయి.

అన్నిటికంటే దారుణంగా చెడేది రాత్రి ఆకాశం, లేదా వెనకంతా నల్ల తెర ఉన్న స్టేజీ ఫొటో. ఫొటోలో 60 శాతం దాదాపు నలుపే అనుకోండి. పుస్తకం సూత్రం ప్రకారం ఆ నలుపులోని పై అంచు 0.6 × 255, అంటే 153 దగ్గరికి వెళ్తుంది. నల్లటి ఆకాశం బూడిదరంగు మచ్చలతో నిండిపోతుంది, మిగిలిన జాగాలోకి నెట్టిన ముఖాలు తెల్లగా పాలిపోతాయి. వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫొటో అయితే కుదింపు వల్ల ఏర్పడిన చదరపు గడులు కూడా తేలతాయి. రంగు ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా ఈక్వలైజ్ చేస్తే రంగులే మారిపోతాయి. పసుపు బల్బు కింద తీసిన ముఖం నీలంగా తేలినా ఆశ్చర్యం లేదు.

రంగుల సమస్యకు పరిష్కారం సులువు. వెలుగును రంగు నుంచి విడదీసి, వెలుగు మీద మాత్రమే పనిచేయాలి. నాయిస్‌కు క్లాహే అనే మరో రకం ఈక్వలైజేషన్ కొంతవరకే మందు. అది ఫొటోను గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో హిస్టోగ్రామ్ ఎత్తుకు హద్దు పెట్టి, ఆ హద్దు దాటిన పిక్సెళ్లను మిగతా విలువలకు పంచుతుంది. మొత్తం కోడ్ ఇంతే:

```python
import cv2
img = cv2.imread("in.jpg")
l, a, b = cv2.split(cv2.cvtColor(img, cv2.COLOR_BGR2LAB))
clahe = cv2.createCLAHE(clipLimit=2.0, tileGridSize=(8, 8))
out = cv2.merge((clahe.apply(l), a, b))
cv2.imwrite("out.png", cv2.cvtColor(out, cv2.COLOR_LAB2BGR))
```

పైన చెప్పిన ఆ హద్దే `clipLimit`. అది ఇవ్వకుండా వదిలేస్తే ఓపెన్‌సీవీ 40 తీసుకుంటుంది. మామూలు ఫొటోలకు అది మరీ ఎక్కువ. 2 లేదా 3తో మొదలుపెట్టండి.

ఇక అసలు విషయం, శాంపిల్ మీద పరీక్ష. ఫొటోలు ముందు పోగుచేయండి. హాస్టల్ వరండా, రాత్రి బస్టాండు, ఎదురెండలో తీసిన ముఖం, పొగమంచు, రంగు వెలిసిన పాత ప్రింటు, వీటితోపాటు ఏ లోపమూ లేని మంచి ఫొటోలు కొన్ని తప్పకుండా ఉండాలి. "ఆటోమేటిక్" అన్నారు కదా, మంచి ఫొటో వచ్చినప్పుడు మీ ప్రోగ్రామ్ దాన్ని చెడగొట్టకుండా వదిలేస్తుందా అన్నది కూడా పరీక్షే. ఒకే చోట వరసగా తీసిన పది ఫొటోలను పదిగా లెక్కించకండి, ఒక దృశ్యానికి ఒకటే. వాటిలోంచి ర్యాండమ్‌గా ఓ 60 తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టేయండి. `clipLimit` సరిచూసుకునేటప్పుడు ఆ ఫోల్డర్ తెరవకూడదు. మిగతా ఫొటోల మీద అన్నీ ఖాయం చేసుకున్నాక ఒక్కసారే దాని మీద నడపాలి.

"బాగైంది" అని ఎవరు చెప్పాలి? ఇక్కడ పిల్లలు ఎక్కువగా పెట్టే కొలత స్టాండర్డ్ డీవియేషన్. చీకటి ఫొటోను ఈక్వలైజ్ చేస్తే విలువలు ఎడంగా జరుగుతాయి కాబట్టి అది ఎలాగూ పెరుగుతుంది. బూడిద మచ్చల ఆకాశానికీ పెరుగుతుంది. దాన్ని విజయానికి రుజువుగా చూపిస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు. "ఎంట్రోపీ పెరిగింది, అంటే వివరాలు పెరిగాయి" అన్న వాక్యం కూడా రాయకండి. మామూలు ఈక్వలైజేషన్‌లో పాత విలువ ఒక్కోదానికి కొత్త విలువ ఒక్కటే ఉంటుంది. రెండు పాత విలువలు ఒకటిగా కలిసిపోవచ్చు గానీ ఒకటి రెండుగా విడిపోదు. కాబట్టి ఎంట్రోపీ తగ్గొచ్చు, అలాగే ఉండొచ్చు, పెరగడం మాత్రం కుదరదు. పెరిగినట్టు చూపిస్తే కోడ్‌లో ఏదో తేడా ఉన్నట్టే. ఫలితం మంచి ఫొటోకు ఎంత దగ్గరగా ఉందో కొలిచే పీఎస్‌ఎన్‌ఆర్ కావాలంటే పోల్చడానికి అదే దృశ్యపు మంచి ఫొటో ఉండాలి. ట్రైపాడ్ మీద ఫోన్ కదలకుండా పెట్టి, ప్రో మోడ్‌లో ఒకటి తక్కువ ఎక్స్‌పోజర్‌తో, ఒకటి ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో తీస్తే ఆ జత దొరుకుతుంది. మంచి ఫొటోను కంప్యూటర్లో చీకటి చేసి, మళ్లీ దాన్నే బాగుచేసి చూపించడం దొడ్డిదారి. అందులో సెన్సర్ నాయిస్ ఉండదు కాబట్టి ఫలితాలు ఉన్నదానికంటే బాగా కనిపిస్తాయి.

అందుకే నా సలహా, కంటితో చూసే తీర్పునే ప్రధానంగా పెట్టుకోండి, కానీ గుట్టుగా. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి, ఏది ఎడమ ఏది కుడి అన్నది ప్రోగ్రామే ర్యాండమ్‌గా మార్చాలి. చూసేది మీ టీమ్ వాళ్లు కాకూడదు, పక్క బ్రాంచి వాళ్లను కూర్చోబెట్టండి. ఎడమది మేలు, కుడిది మేలు, తేడా లేదు, ఈ మూడింటిలో ఒకటి చెప్పమనండి.

ఉదాహరణకు 60లో 41 మెరుగయ్యాయి, 12లో తేడా లేదు, 7 చెడిపోయాయి అని వచ్చిందనుకుందాం. "12 శాతం చెడాయి" అని రాసి వదిలేయకండి. 60 చిన్న శాంపిల్. 95 శాతం విశ్వాస అవధి లెక్కేస్తే అసలు రేటు సుమారు 6 నుంచి 22 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ 7 ఫొటోలనూ బయటికి తీసి చూడండి. ఐదారు రాత్రి ఆకాశాలే అయితే కారణం దొరికినట్టే. సగానికి పైగా పిక్సెళ్లు వెలుగును చెప్పే `L` విలువలో మరీ అడుగున ఉంటే `clipLimit` తగ్గించాలి, లేదా ఫొటోను అలాగే వదిలేయాలి అని ఒక షరతు రాసుకుంటారు. ఆ షరతు పనిచేసిందో లేదో మాత్రం అదే 60 మీద చూడకూడదు, వాటిని చూసే కదా దాన్ని రాశారు. కొత్తగా ఇంకో 60 తీయండి. వాటిలో ఒక్కటీ చెడకపోయినా "ఎప్పుడూ చెడదు" అనడానికి లేదు. సున్నా వచ్చినప్పుడు 3ని శాంపిల్ సంఖ్యతో భాగించడం అందరికీ తెలిసిన మోటు లెక్క. 3/60, అంటే చెడే రేటు 5 శాతం వరకూ ఉండే అవకాశం ఉంది. ఈ మాట రిపోర్టులో మీరే రాయండి. ప్యానెల్ అడిగే ముందే జవాబు అక్కడ ఉంటుంది.

ప్లేస్‌మెంట్ సంగతి. సర్వీస్ కంపెనీల మాస్ రిక్రూట్‌మెంట్‌లో ఏ ప్రాజెక్టుకైనా దొరికేది రెండు నిమిషాలే, దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. ఫోన్ కెమెరాల ఇమేజ్ క్వాలిటీ, ఫ్యాక్టరీలో వస్తువుల లోపాలను కెమెరాతో పట్టే మెషిన్ విజన్, స్కాన్ చేసిన కాగితాల డిజిటైజేషన్ లాంటి పనుల్లో మాత్రం రోజూ చేసేది ఇదే: సెట్టింగు మార్చడం, శాంపిల్ మీద నడపడం, చెడినవాటికి కారణం వెతకడం. హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ లాంటి చోట ఉపగ్రహ చిత్రాలతో పనిచేసేవాళ్లకూ కాంట్రాస్ట్ పెంచడం రోజువారీ పనే. అక్కడ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేస్తే ఈ ప్రాజెక్ట్ మీద మాట్లాడటానికి చాలా ఉంటుంది. రెజ్యూమెలో "హిస్టోగ్రామ్ ఈక్వలైజేషన్ ఇంప్లిమెంట్ చేశాను" అని రాయకండి. ఎన్ని ఫొటోల మీద, ఏ పద్ధతిలో పరీక్షించారో, ఏ రకం ఫొటోలు చెడాయో, వాటికి ఏం చేశారో రెండు లైన్లలో రాయండి.

డీప్ లెర్నింగ్ మీద ఆసక్తి ఉంటే మానుకోనక్కర్లేదు, మేజర్ ప్రాజెక్టుకు ఉంచుకోండి. 2018లో వచ్చిన లోల్ డేటాసెట్‌లో చీకటి, వెలుగు జతలు 500 ఉన్నాయి, 485 శిక్షణకు, 15 పరీక్షకు. దాని మీద నేర్పిన మోడల్ ఏదైనా తీసుకుని, మీరు రెండోసారి తీసిన ఆ 60 ఫొటోల మీదే నడిపి, అదే గుట్టు పద్ధతిలో క్లాహేతో పోల్చండి. సెకండ్ రివ్యూకు వెళ్లేటప్పుడు చెడిన 7 ఫొటోల ప్రింట్లు ఫైల్లో మొదటి పేజీలో పెట్టుకుని వెళ్లండి.